చీనీ తోటలోని డబ్బా రెజ్యూమేలో ఎక్కడుంది?

అమ్మా, ఆశీస్సులు.

నువ్వు పంపిన రెజ్యూమే చదివి చిరాకు పడ్డాను. దానికి తోడుగా రాసిన మెయిల్ చదివి కాసేపు అలాగే కూర్చున్నాను. రెండూ ఒకే అమ్మాయి రాసిందంటే నమ్మబుద్ధి కాలేదు.

మెయిల్ రెండో పేరాలో ఏదో మాటవరసకన్నట్టు రాశావు. పోయినేడాది ఎండాకాలం మీ చీనీ తోట బోరులో నీళ్లు తగ్గిపోయి, మోటారు ఉత్తినే తిరిగి తిరిగి కాలిపోయిందని. దాన్ని పైకి తీసి, వైండింగ్ కట్టించి, మళ్లీ దింపేసరికి మీ నాన్నకు 18,000 ఖర్చయిందని. ఆ తర్వాత నీళ్లు తగ్గితే మోటారును ఆపేసే డబ్బా ఒకటి నువ్వే తయారుచేసి స్టార్టర్ పక్కన బిగించావని, 8 నెలలుగా మోటారు మళ్లీ కాలలేదని.

ఇదే సంగతి రెజ్యూమేలో ఎలా ఉంది? ‘ఐఓటీ బేస్డ్ స్మార్ట్ అగ్రికల్చర్ సిస్టమ్’ అని ఒకే ఒక్క లైను. దాని పైన నాలుగు లైన్లలో ముఖం చూసి హాజరు వేసే ప్రాజెక్టు గురించి ఉంది. అది మీ బ్యాచ్ వాళ్లు అమీర్‌పేటలో డబ్బులిచ్చి కొన్నదని మెయిల్లో నువ్వే ఒప్పుకున్నావు. కొన్నదానికి నాలుగు లైన్లు, చేసినదానికి ఒక్కటి!

నేను చాలా ఏళ్లు క్యాంపస్ ఇంటర్వ్యూల్లో టేబుల్‌కి అవతలి వైపు కూర్చున్నాను. అక్కడ జరిగేది చెబుతాను. నీ రెజ్యూమే మా చేతికొచ్చేసరికి మార్కుల జల్లెడ అయిపోయి ఉంటుంది. ఆ పని మీ ప్లేస్‌మెంట్ ఆఫీసు పంపిన ఎక్సెల్ షీటే చేసేస్తుంది. రాతపరీక్ష కూడా అయిపోతుంది. నువ్వు కుర్చీలో కూర్చుంటుండగా మేం కాగితాన్ని ఒకటి రెండు నిమిషాలు చూస్తాం, అందులో కంటికి ఆనిన దాని మీద మొదటి ప్రశ్న వేస్తాం. అంటే రెజ్యూమే మా చేతికి నువ్వే రాసిచ్చే ప్రశ్నపత్రం. ‘స్మార్ట్ అగ్రికల్చర్’ అని రాస్తే ‘ఐఓటీ అంటే ఏమిటి?’ అని అడుగుతారు. దానికి తొమ్మిది పాయింట్లున్న వాడూ నీలాగే జవాబు చెప్తాడు, నీకంటే గుక్కతిప్పుకోకుండా చెప్తాడు. నువ్వు మాత్రమే చెప్పగల జవాబును రాబట్టే లైను ఒక్కటీ నీ కాగితంలో లేదు.

కాబట్టి ఆ ఒక్క లైనును విప్పి ఐదు లైన్లు చెయ్యి. ఇంగ్లీషులో నువ్వే రాసుకో, విషయం నేను తెలుగులో చెబుతాను.

మొదటి లైను, ఇబ్బంది: 5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటారు, నీళ్లు తగ్గినప్పుడు ఖాళీగా తిరిగి కాలిపోయింది, ఖర్చు 18,000. రెండో లైను, చేసినది: మూడు ఫేజుల మీద కరెంటు సెన్సర్లు, ఈఎస్పీ32 బోర్డు, కాంటాక్టర్‌ను ఆపే రిలే, మీ నాన్న ఫోన్‌కు మెసేజ్ పంపే జీఎస్ఎం మాడ్యూల్. మూడో లైను, కొలిచినది: నీళ్లు ఎత్తుతున్నప్పుడు సుమారు 8 ఆంపియర్లు, ఖాళీగా తిరుగుతున్నప్పుడు 5. ఆరు కంటే తగ్గి 15 సెకన్లు ఉంటే మోటారు ఆగుతుంది, బోరు ఊరడానికి 40 నిమిషాలు వదిలి మళ్లీ మొదలవుతుంది. ఈ అంకెలన్నీ నీ మెయిల్లోవే. నాలుగో లైను, చెడినది. ఐదో లైను, ఇప్పుడు ఎలా ఉంది: 8 నెలలుగా తోటలో నడుస్తోంది.

నాలుగో లైను దగ్గర ఆగుతాను. మెసేజ్ పంపబోయినప్పుడల్లా బోర్డు రీస్టార్ట్ అయ్యేదని, స్క్రీన్ మీద `Brownout detector was triggered` అని వచ్చేదని రాశావు. జీఎస్ఎం మాడ్యూల్ సిగ్నల్ పంపే క్షణంలో దాదాపు 2 ఆంపియర్లు లాగుతుంది. రెండిటికీ ఒకే చిన్న అడాప్టర్ పెడితే వోల్టేజీ పడిపోయి బోర్డు తిరిగి మొదలవుతుంది. నువ్వు మాడ్యూల్‌కు విడిగా సప్లై ఇచ్చి, దాని కాళ్ల దగ్గరే పెద్ద కెపాసిటర్ పెట్టి సరిచేశావు. ఈ ముక్క రెజ్యూమేలో ఉండి తీరాలి. ఎలక్ట్రానిక్స్ చేతులతో చేసినవాడు ఎవడైనా ప్యానెల్లో ఉంటే, ఆ లైను చూడగానే మిగతా కాగితం పక్కన పెట్టేస్తాడు. ఎందుకంటే కొన్న ప్రాజెక్టులో ఏదీ చెడదు. చెడినా, ఎందుకు చెడిందో కొన్నవాడికి తెలియదు. నేనైతే ప్రతి ప్రాజెక్టు కింద ఏం చెడిందో ఒక లైను రాయమని చట్టం చేస్తాను. నవ్వుకుంటే నవ్వుకో.

ఈ లైన్లు రాశాక నీకు పడే ప్రశ్న కూడా ముందే చెబుతాను. ‘కరెంటునే ఎందుకు కొలిచావు, పవర్ ఎందుకు కొలవలేదు?’ అంటారు. ఖాళీగా తిరిగినా ఇండక్షన్ మోటారు అయస్కాంత క్షేత్రం కోసం కరెంటు లాగుతూనే ఉంటుంది, అందుకే అది సున్నాకు పడకుండా ఐదు దగ్గర ఆగింది. పవర్ అయితే ఇంకా బాగా తగ్గుతుంది, తేడా స్పష్టంగా తెలుస్తుంది. కానీ దానికి వోల్టేజీ కూడా కొలవాలి, 415 వోల్టుల లైను నుంచి బోర్డుకు సురక్షితంగా తేవాలి. సెన్సర్ అయితే తీగను తెంచకుండా చుట్టూ తగిలిస్తే చాలు. చవకగా, భయం లేకుండా అయ్యే పని కాబట్టి కరెంటు చూశానని చెప్పు. వోల్టేజీ బాగా అటూ ఇటూ అయినప్పుడు డబ్బా తప్పుగా ఆపిందా? ఆపి ఉంటే అదీ చెప్పు. స్టార్టింగ్‌లో కరెంటు ఐదారు రెట్లు ఎగురుతుంది కదా, ఆ కొద్ది సెకన్లు కోడ్ ఏం చేస్తోందని అడుగుతారు. ఒక ఫేజు పోతే ఏమవుతుందనీ అడుగుతారు. మూడు సెన్సర్లు పెట్టింది అందుకే కాబట్టి నీకు ఇబ్బంది లేదు.

అంకెలు రాస్తే రెజ్యూమే బరువైపోతుందని మీ ట్రైనింగ్ సారు అన్నారట. ఈ మాట నాకు కొత్త కాదు. వెనక ఒక వ్యవసాయ పత్రికకు మోటారు వైండింగ్ మీద వ్యాసాలు రాసేవాణ్ణి. ఎడిటర్ గారు చుట్ల లెక్కలు, వైరు గేజీలు అన్నీ కొట్టేసి, ‘పాఠకులు బెదిరిపోతారండీ’ అని బదులుగా రైతే రాజు అని ఒక పేరా చేర్చేవారు. పత్రిక వచ్చిన వారానికి పాఠకుల కార్డులు వచ్చేవి. అన్నిటిలో ఒకటే ప్రశ్న, ‘ఎన్ని చుట్లు చుట్టాలో రాయలేదేం?’ అని. ఆయనకు ఆ కార్డులన్నీ పట్టుకెళ్లి చూపించాను. చదవకుండా డ్రాయరులో వేసుకున్నారు. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు.

నా ఉద్యోగం కూడా అంకె వల్లే వచ్చింది. డిప్లొమాలో నావి సెకండ్ క్లాసు మార్కులు. బాలానగర్‌లో స్టెబిలైజర్లు చేసే చోట ఇంటర్వ్యూకు, ఇంట్లో నేను చుట్టిన చిన్న ట్రాన్స్‌ఫార్మర్ సంచిలో వేసుకుని వెళ్లాను. ముగ్గురు కూర్చున్నారు. ఇద్దరు మార్కుల కాగితం చూసి మొహం పెట్టారు. మూడో ఆయన వయసు మళ్లిన ఫోర్‌మన్, దాన్ని చేతిలో తిప్పి చూసి ‘వోల్టుకు ఎన్ని చుట్లు?’ అన్నాడు. కోర్ వైశాల్యం చదరపు సెంటీమీటర్లలో ఎంతో చెప్పి, 42ని దానితో భాగించానన్నాను. ‘42 ఎక్కడిది?’ అన్నాడు. 50 హెర్ట్జ్‌కు, మామూలు స్టాంపింగులకు వచ్చే లెక్క అని ఫార్ములా రాసి చూపించాను. ఇంకెవరూ ఏమీ అడగలేదు.

ఇక మార్కులు. 6.7 సీజీపీఏను పదితో గుణించి 67 శాతం అని రాశావు. ఇది ఇప్పుడే దిద్దు. మన యూనివర్సిటీల్లో ఒక్కో రెగ్యులేషన్‌కు ఒక్కో లెక్క ఉంది. కొన్నిటిలో 0.5 తీసేసి పదితో గుణించాలి, కొన్నిటిలో 0.75 తీసేయాలి. మొదటిదైతే నీకు 62 శాతం వస్తుంది, రెండోదైతే 59.5. చాలా కంపెనీలు గీత గీసేది 60 దగ్గరే కాబట్టి, ఏ లెక్క నీదో రెగ్యులేషన్ పుస్తకం తీసి చూసి, అదే రాయి. 59.5 అయితే 60 అని రాయకు. 60 అడిగే చోటికి వెళ్లలేవు, అంతే. ఆఫర్ వచ్చాక సర్టిఫికెట్లు చూసేటప్పుడు తేడా బయటపడితే ఆఫర్ వెనక్కి తీసుకుంటారు, అది ఇంకా కష్టం. మార్కుల్ని దాచకు, అలాగని పైన పెద్ద పట్టికా వెయ్యకు. బీటెక్, ఇంటర్, పది, ఒక్కోటి ఒక లైను, ప్రాజెక్టు కింద. మీ కాలేజీ టెంప్లేట్లో చదువే ముందు ఉండాలంటే ఉండనీ, మూడు లైన్లకు మించనివ్వకు.

ఆ టెంప్లేట్ గురించి నా అభిప్రాయం రాయడం మొదలుపెడితే ఉత్తరం తెల్లారదు. తండ్రి పేరు, హాబీలు, ‘పైన చెప్పినవన్నీ నిజమని ప్రమాణం చేస్తున్నాను’ అని కింద సంతకం! అవన్నీ తీసేస్తే నీ ఐదు లైన్లకు చోటు వస్తుంది. పైథాన్ పక్కన 80 శాతం నింపిన గీత కూడా తీసెయ్. ఎవరు కొలిచారు ఆ 80? రెండు కాలమ్‌ల డిజైన్ కూడా వద్దు. నమ్మకపోతే నీ పీడీఎఫ్ తెరిచి, మొత్తం సెలెక్ట్ చేసి, నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి చూడు. నీ ఫైలుతో నేను చేశాను. ఎడమ వైపు స్కిల్స్ మధ్యలో కుడి వైపు ప్రాజెక్టు ముక్కలు వచ్చి పడ్డాయి. కంపెనీల సాఫ్ట్‌వేర్‌కు కూడా అలాగే కనపడే ప్రమాదం ఉంది.

హాజరు ప్రాజెక్టును పూర్తిగా తీసేయలేవు, అది మీ అధికారిక మేజర్ ప్రాజెక్టు కాబట్టి అడుగుతారు. కింద ఒక్క లైను చాలు, నలుగురి జట్టు అని, అందులో నువ్వు చేసిన భాగం అని. రిపోర్టు టైపు చేశానన్నావు. ఇంకా నెల ఉంది కదా, కోడ్ చదివి ఒక భాగమైనా నీది చేసుకో. అది కుదరకపోతే, అడిగినప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పి, మాటను బోరు దగ్గరికి తీసుకెళ్లు.

ఒకటి మరిచాను. నువ్విచ్చిన గిట్‌హబ్ లింకు తెరిచాను. కోడ్ బాగానే ఉంది, కానీ మెసేజ్ వెళ్లాల్సిన నంబరంటూ మీ నాన్న ఫోన్ నంబరు అందులో అందరికీ కనపడుతోంది. ఆ లైను తీసేసి మళ్లీ ఎక్కిస్తే సరిపోదు, పాత కమిట్లలో అది అలాగే ఉంటుంది. నంబరు లేకుండా కొత్త రిపాజిటరీ పెట్టి, స్టార్టర్ పక్కన డబ్బా తలుపు తెరిచిన ఫోటో ఒకటి రీడ్‌మీలో వేసి, పాతదాన్ని డిలీట్ చెయ్యి. ఆ తర్వాతే రెజ్యూమే ఎవరికైనా పంపు.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి