షుగర్ ఉన్న అమ్మకి పరగడుపు స్కాన్

“చెన్నైలో అమ్మకి గురువారం మధ్యాహ్నం 12కి పొట్ట అల్ట్రాసౌండ్. 8 గంటలు ఏమీ తినొద్దన్నారు. రాత్రి ఇన్సులిన్ వేసుకుంటుంది, నిన్న పొద్దున షుగర్ 66. క్లినిక్‌కి ఏమని రాయను?”

స్కాన్ మానేస్తామనకండి, పొద్దున మొదటి స్లాట్ అడగండి. రాత్రి 10కి తింటే 12 దాకా 14 గంటలు. అదే స్కాన్ పొద్దున 7కైతే తొమ్మిదే, అదీ ఎక్కువగా నిద్రలోనే. తిని వెళ్తే పిత్తాశయం ముడుచుకుపోయి రాళ్లు సరిగా కనపడవు, అందుకే ఆ నియమం.

ఇలా పెట్టండి: “గురువారం 12కి మా అమ్మకి పొట్ట స్కాన్ ఉంది. ఇన్సులిన్ మీద ఉన్నారు, నిన్న పరగడుపున షుగర్ 66. అంతసేపు తినకుండా ఉండలేరు. ఉదయం 7 స్లాట్ ఇవ్వగలరా? ఆ రోజు కుదరకపోతే మర్నాడైనా సరే. మంచినీళ్లు తాగొచ్చా?”

ఆ 66 తప్పకుండా రాయండి. ‘నీరసం’ అని రాస్తే రిసెప్షన్‌లో పట్టించుకోకపోవచ్చు.

ముందురాత్రి ఇన్సులిన్ ఎంత వేయాలో మాత్రం మందు రాసిన డాక్టర్నే అడగండి, మీరుగా తగ్గించొద్దు. స్కాన్ లేకపోయినా 66 సంగతి ఆయనకి తెలియాలి. ఆ పొద్దున 70 కన్నా తగ్గితే స్కాన్ పక్కన పెట్టి, మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించండి. 15 నిమిషాలకి మళ్లీ చూసి, క్లినిక్‌కి ఫోన్ చేయండి.