ఫోకస్ గ్రూప్ రికార్డింగ్‌లో ‘ఆఁ’లను ఎలా లెక్కపెట్టాలి?

ప్రశ్న: బెంగళూరులో తెలుగువాళ్లు ఎనిమిది మందితో చేసిన గంటన్నర ఫోకస్ గ్రూప్ ఆడియో నా దగ్గరుంది. ఒకావిడే దాదాపు సగం సేపు మాట్లాడారు. సారాంశం ఎన్నిసార్లు రాసినా ఆవిడ అభిప్రాయమే గ్రూప్ అభిప్రాయంలా వస్తోంది. మిగతావాళ్ల మాట ఎలా బయటికి తేవాలి?

జవాబు:

కొన్నేళ్ల కిందట నాకూ సరిగ్గా ఇదే జరిగింది. మారతహళ్లిలో ఇడ్లీ, దోశ పిండి ప్యాకెట్ల గురించి ఎనిమిది మంది గృహిణులతో గ్రూప్ పెట్టాం. నాలుగో కుర్చీలో కూర్చున్నావిడ తొంభై నిమిషాల్లో ముప్పై ఎనిమిది నిమిషాలు మాట్లాడారు. “పిండి పులిసిపోతోంది, సోడా కలుపుతున్నారు” అన్నది ఆవిడ వాదన. నేను రికార్డింగ్ ఒకసారి విని, ఎనిమిది మందిలో ఐదుగురికి సోడా అనుమానం ఉందని రాసేశాను. ఆ రోజు పక్కన కూర్చుని నోట్స్ రాసుకున్న సహోద్యోగి దాన్ని చదివి, “ఐదుగురు ఎక్కడన్నారు, చూపించు” అని అడిగింది. చూపించడానికి మళ్లీ మొదటినుంచి విన్నాను. నా లెక్క తప్పని తేలింది.

ముందు ఏ గొంతు ఎవరిదో తేల్చుకోండి. అందరూ పరిచయం చేసుకునే మొదటి ఐదు నిమిషాలను ఇందుకు వాడుకోవచ్చు. ఒక్కొక్కరి పరిచయాన్ని చిన్న క్లిప్‌గా కోసి, పేరు బదులు కుర్చీ నంబర్ పెట్టుకోండి. అనుమానం వచ్చినప్పుడల్లా ఆ క్లిప్ విని పోల్చుకోవచ్చు. బెంగళూరు తెలుగు గ్రూపుల్లో మనకు ఇంకో సౌకర్యం ఉంది, అది యాస. ఒకరు అనంతపురం, ఒకరు నెల్లూరు, ఒకరు శ్రీకాకుళం, ఇంకొకరు ఇక్కడే పుట్టి పెరిగి మాట చివర ‘అల్వా’ చేర్చేవాళ్లు. నలుగురు ఒకేసారి మాట్లాడే చోట కూడా యాసను బట్టి గొంతులు విడదీయొచ్చు. అయినా తెలియకపోతే ‘వినబడలేదు’ అని రాయండి, ఊహించి మాత్రం ఎవరి ఖాతాలోనూ వేయకండి.

ఆ తర్వాత ఒక పట్టిక గీయండి. అడ్డంగా ఎనిమిది కుర్చీలు, నిలువుగా చర్చకు వచ్చిన విషయాలు. గడిలో ఆ మనిషి ఎన్నిసార్లు మాట్లాడారన్నది వద్దు. ఒకే మాట పదిసార్లు అన్నా ఒక్కరి కిందే లెక్క. ఆ విషయం తనంతట తనే ఎత్తారా, వేరేవాళ్లు అన్నాక సొంత కారణం చెప్పి ఒప్పుకున్నారా, ఉత్తినే ‘ఆఁ’ అన్నారా, కాదన్నారా, ఏమీ అనలేదా, ఈ అయిదింటిలో ఏదో ఒకటి రాయండి. మౌనాన్ని ఒప్పుకోవడం కింద వేయకండి.

అసలు చిక్కంతా ‘ఆఁ’ దగ్గరే. మన మాటల్లో ‘ఆఁ’, ‘అవునండీ’ అంటే చాలాసార్లు ‘వింటున్నాను, చెప్పండి’ అని అర్థం. పైగా గట్టిగా మాట్లాడేవాళ్లు వాక్యం చివర ‘కదండీ?’ అంటారు. పక్కన కూర్చున్నవాళ్లు మర్యాదకైనా ‘ఆఁ’ అనాల్సిందే. మా రికార్డింగ్‌లో ఆవిడ సోడా మాట ఎత్తిన ఆ అర నిమిషాన్ని వేగం తగ్గించి, ఇయర్‌ఫోన్స్‌తో నాలుగైదుసార్లు విన్నాను. మూడు, ఏడు నంబర్ల ‘ఆఁ’లు ఆవిడ వాక్యం పూర్తికాకముందే వచ్చాయి. ఇంకా వినని మాటను ఒప్పుకున్నారని ఎలా రాస్తాం? ఐదో ఆవిడ మాత్రం ఆ దోశలు తింటే తనకు కడుపులో మంటగా ఉందని సొంత కారణం చెప్పారు. దాన్ని ఒప్పుకోవడం కిందే లెక్కేశాను. రెండో ఆవిడ “అవునండీ, కానీ...” అన్నారు, అంతలో నాలుగో ఆవిడ మళ్లీ అందుకున్నారు. అంటే సోడా మాట నిజంగా ఇద్దరిదే.

ఆ ‘కానీ’ తర్వాత ఏముందో వెతకడమే నాకు అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది. తెగిపోయిన వాక్యాలన్నీ విడిగా రాసుకుని, ఆ మనిషి తర్వాత ఎక్కడైనా దాన్ని పూర్తిచేశారా అని చూడండి. రెండో ఆవిడ ఇరవై నిమిషాల తర్వాత, ఎవరూ అడక్కుండానే, “ఇంట్లో మేమిద్దరమే. కిలో ప్యాకెట్ అయ్యేసరికి నాలుగో రోజు వస్తుంది, అప్పటికి పులుస్తుంది” అన్నారు. ఆవిడ చెప్పిందీ పులుపు గురించే, కానీ కారణం ప్యాకెట్ సైజు. నా మొదటి సారాంశం ఈ రెండు మాటల్నీ ‘పులుపు’ అనే ఒకే ముద్దలో కలిపేసింది.

ఇంకో చోటు కూడా తప్పకుండా వినాలి. గట్టిగా మాట్లాడే మనిషిని మొదటిసారి ఎవరు కాదన్నారో, దాని తర్వాత పది నిమిషాలు. 1950లలో సాలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త గీతల పొడవులు పోల్చమని ప్రయోగాలు చేశాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా తప్పు చెబుతుంటే చాలామంది కొన్నిసార్లైనా వాళ్లతో కలిసిపోయారు. పక్కన ఒక్కరు సరైన జవాబు చెబితే మాత్రం అలా కలిసిపోవడం బాగా తగ్గింది. మా గ్రూప్‌లో యాభై రెండో నిమిషంలో ఆరో ఆవిడ, “నాకు సోడా అనిపించలేదండీ, అన్ని రోజులుంచితే ఏ పిండైనా పులుస్తుంది” అన్నారు. ఆ తర్వాతే ఒకటి, ఏడు, ఎనిమిది నంబర్లు నోరు విప్పారు, ముగ్గురూ అర కిలో ప్యాకెట్ కావాలన్నారు. రెండు, ఆరు కూడా కలిపితే ఐదుగురు.

చర్చ మొదలుకాకముందు చీటీలేమైనా రాయించి ఉంటే వాటిని తీసి సరిచూడండి. మేము ‘ఒక్కటి మార్చాలంటే ఏది మారుస్తారు?’ అని రాయించాం. నాలుగు చీటీల్లో చిన్న ప్యాకెట్ గానీ మిగిలిపోయే పిండి గానీ ఉంది, రెండింట్లో ధర, ఒకదాంట్లో ప్యాకెట్ సరిగా చిరగదని. సోడా ఒకే ఒక్క చీటీలో ఉంది, అది నాలుగో ఆవిడదే. మీరు చీటీలు రాయించకపోతే, ఆవిడ ఆ విషయం ఎత్తకముందున్న నిమిషాలను విడిగా చదవండి. దాదాపు అలాంటి ఆధారమే దొరుకుతుంది.

సారాంశం రాసేటప్పుడు శాతాలు వద్దు. ఎనిమిది మందిలో ఐదుగురిని అరవై రెండు శాతం అంటే చదివేవాళ్లు దాన్ని సర్వే అనుకుంటారు. నేను చివరికి ఇలా రాశాను: ‘ఎనిమిది మందిలో ఐదుగురు, ప్యాకెట్ తమ ఇంటికి పెద్దదై పిండి మిగిలి పులుస్తోందని సొంత మాటల్లో చెప్పారు. సోడా కలుపుతున్నారన్న అనుమానం ఒకరు బలంగా, పదేపదే వ్యక్తం చేశారు, ఇంకొకరు తన అనుభవంతో సమర్థించారు, ఒకరు కాదన్నారు. మిగిలినవారు స్పష్టంగా చెప్పలేదు.’ మొదట ఆవిడ మాటలు ఆరు కోట్ చేశాను. రెండోసారి ఒక్కటే ఉంచి, మిగతా చోట్లలో రెండు, ఆరు, ఎనిమిది నంబర్ల మాటలు పెట్టాను. కోట్లు సూటిగా, రుచిగా ఉంటాయని గట్టిగా మాట్లాడేవాళ్లవే ఏరుకుంటాం, అక్కడ జాగ్రత్త.

ఆవిడ మాటను పూర్తిగా తీసేయాలన్న కోపం కూడా వస్తుంది, నాకూ వచ్చింది. తీసేయకండి. ఆ పనిలో మాకు మొత్తం నాలుగు గ్రూపులున్నాయి. అన్నిటికీ ఇదే పట్టిక గీస్తే, మూడో గ్రూప్‌లో ఇద్దరు ఎవరూ కదపకుండానే సోడా అనుమానం ఎత్తినట్టు కనిపించింది. అందుకని రిపోర్ట్‌లో దానికి విడిగా ఒక పేరా ఇచ్చాం, ప్యాకెట్ సైజు తర్వాత.

ఆడియో మాత్రమే ఉంటే తల ఊపడాలు, మొహం చిట్లించడాలు మీకు అందవు. గ్రూప్ నడిపినవాళ్లకు అవి గుర్తుండగానే, ఈ రోజో రేపో ఫోన్ చేసి పట్టికలో ఖాళీగా ఉన్న గడుల గురించి అడగండి. వాళ్లు చెప్పింది వేరే రంగు పెన్నుతో రాసుకోండి, రికార్డింగ్‌లో విన్నదానితో కలిసిపోకుండా ఉంటుంది.