మూడు నెలల జీతం ఆగింది.. సంతకం పెట్టే ముందు ఈ లెక్క చూడండి

ప్రశ్న: మాది జగిత్యాల జిల్లా. మూడేళ్లుగా షార్జాలో ఏసీ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. జీతం 2,000 దిర్హామ్‌లు, అందులో బేసిక్ 1,200. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ జీతాలు రాలేదు. 48 గంటల ఓవర్‌టైమ్ డబ్బు కూడా రావాలి. మార్చిలో 700 చేతికిచ్చి సంతకం తీసుకున్నారు. బిల్లులు రాలేదని రెండు నెలలుగా అదే మాట. పోయిన వారం ‘రాజీనామా చేస్తే 3,000, టికెట్ ఇస్తాం’ అన్నారు. ఊళ్లో 2.5 లక్షల అప్పుకు రెండు రూపాయల వడ్డీ కడుతున్నాం. ఇల్లు గడవడానికి ఇంకో లక్ష మూడు రూపాయల వడ్డీకి తెస్తానంటోంది నా భార్య. కంప్లైంట్ ఇస్తే వెనక్కి పంపిస్తారని భయంగా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ఆ 3,000కు సంతకం పెట్టకండి. మీరు ఈ రోజు కంపెనీ వదిలి వచ్చినా వాళ్లు మీకు ఇవ్వవలసింది 8,120 దిర్హామ్‌లు. ఎలాగో చూడండి.

మూడు నెలల జీతం 6,000. ఓవర్‌టైమ్‌ను బేసిక్ మీద లెక్కిస్తారు. 1,200ను 30 రోజులతో భాగిస్తే రోజుకు 40, దాన్ని 8 గంటలతో భాగిస్తే గంటకు 5. ఓవర్‌టైమ్‌కు దీనిపై కనీసం 25 శాతం కలపాలని అక్కడి కార్మిక చట్టం చెబుతోంది కాబట్టి గంటకు 6.25. మీ 48 గంటలకు 300 అయింది. మొత్తం 6,300లోంచి చేతికందిన 700 తీసేస్తే 5,600. ఇది ఇప్పుడే రావలసిన బాకీ. గ్రాట్యుటీ వేరు. మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ చొప్పున ఇవ్వాలి, అంటే మీకు ఏడాదికి 840, మూడేళ్లకు 2,520. మీరే రాజీనామా చేసినా ఈ హక్కు పోదు. ఉద్యోగం ముగిసిన 14 రోజుల్లోపు అన్నీ కలిపి చెల్లించాలి. ఇంటికి వెళ్లే టికెట్ కూడా సాధారణంగా యజమాని బాధ్యతే కాబట్టి, దాన్ని బేరంలో మీకిచ్చే రాయితీగా లెక్కపెట్టకండి.

ఇంతకీ వాళ్లు 3,000 ఇస్తామన్నది సంతకం కోసం. రాజీనామాతో పాటు ‘నాకు రావలసినవన్నీ ముట్టాయి’ అనే కాగితం పెడతారు. అది అరబీలో ఉంటుంది, పక్కన ఇంగ్లీషు ఉంటే ఉంటుంది. నా దగ్గరికి వచ్చిన ఒక కుటుంబంలో తండ్రి అలాంటి కాగితం మీద సంతకం చేసి, ‘మిగతాది బ్యాంకులో వేస్తాం’ అన్న నోటిమాట నమ్మి విమానం ఎక్కారు. రెండు నెలల తర్వాత మా ముందు పెట్టడానికి ఆయన చేతిలో ఆ సంతకం ఉన్న జిరాక్స్ కాపీ తప్ప ఏమీ లేదు. డబ్బు ఖాతాలో పడ్డాకే ఆ కాగితం. అంతకు ముందు పెట్టమంటే, ‘చదివించుకుని రేపు తెస్తాను’ అనండి. ఫోనులో ఫొటో తీసుకోకుండా మాత్రం తిరిగి ఇవ్వకండి.

యజమానితో మాట్లాడే ముందు తేల్చుకోవలసింది ఒకటుంది. మీరు ఎన్ని రోజులు ఆగగలరు? ఇంట్లో రేపటి ఖర్చుకు డబ్బు లేని మనిషి మూడో రోజుకే ఎంత ఇస్తే అంత పుచ్చుకుంటాడు. అవతలివాళ్లకు ఇది బాగా తెలుసు. అందుకే మీ భార్య తేవాలనుకున్న లక్ష అప్పును ముందు ఆపండి. లక్షకు మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు 3,000. ఇప్పుడు కడుతున్న 5,000తో కలిపితే వడ్డీయే 8,000 అవుతుంది. జీతం వచ్చినా అందులోంచి నెలనెలా అంత వడ్డీకే పోతుంది.

ఇంట్లో బంగారం ఉంటే దాన్ని బ్యాంకులో కుదువ పెట్టి, అవసరమైనంత మాత్రమే తీసుకోండి. ఇంటి ఖర్చు 12,000, వడ్డీ 5,000 కలిపి నెలకు 17,000 అనుకుందాం. మీ భార్య బీడీలు చుట్టో, కూలికి వెళ్లో 4,000 తెస్తే లోటు 13,000. మూడు నెలలకు 39,000. నలభై వేల బంగారు రుణానికి ఏడాదికి 10 శాతం వేసుకున్నా వడ్డీ నెలకు 333 రూపాయలు. అదే మొత్తానికి ఊళ్లో మూడు రూపాయల లెక్కన నెలకు 1,200. పాత అప్పు ఇచ్చినాయనకు మీరే ఫోను చేసి, ఈ మూడు నెలలు వడ్డీ మాత్రమే కడతానని, అసలు ఆ తర్వాతేనని ముందుగా చెప్పండి. ఇంటికి మూడు నెలల తిండి భరోసా దొరికితే షార్జాలో మీ గొంతు మారుతుంది.

ఇక కాగితాలు. యూఏఈలో ప్రైవేటు కంపెనీలు జీతాన్ని వేతన రక్షణ వ్యవస్థ ద్వారా, అంటే బ్యాంకు లేదా ఎక్స్ఛేంజ్ మార్గంలో వేయాలి. దాన్ని అక్కడ అందరూ డబ్ల్యూపీఎస్ అంటారు. నెల ముగిశాక మర్నాడే జీతం బాకీ పడుతుంది. 15 రోజులు దాటితే అక్కడి కార్మిక మంత్రిత్వ శాఖ దృష్టిలో అది ఆలస్యం. ఇలా ఆలస్యం చేసే కంపెనీకి కొత్త వర్క్ పర్మిట్లు ఆగిపోతాయి. కొత్త సైటుకు మనుషులు కావలసిన యజమానికి ఇది పెద్ద దెబ్బ. మీ చేతిలో ఉన్న బలం ఇదే.

అయితే ఒకటి ఈ రోజే చూసుకోండి. మీ జీతం కార్డు ఎవరి దగ్గర ఉంది? కొన్ని కంపెనీల్లో కార్డులన్నీ ఆఫీసులో కట్టగట్టి రబ్బరు బ్యాండు వేసి పెట్టుకుంటారు. డబ్బు వేసి, వాళ్లే ఏటీఎంలో తీసుకుంటారు. అప్పుడు రికార్డులో మీకు జీతం ముట్టినట్టే ఉంటుంది. కార్డు మీ దగ్గరే ఉంటే ఫిబ్రవరి నుంచి మినీ స్టేట్‌మెంట్ తీసుకోండి. లేకపోతే కార్డు ఇచ్చిన బ్యాంకుకో ఎక్స్ఛేంజ్‌కో ఎమిరేట్స్ ఐడీ చూపించి ఖాతా వివరాలు అడగండి. డబ్బు వచ్చి పోయినట్టు కనిపిస్తే ఇక బేరం మాటే వద్దు, నేరుగా ఫిర్యాదే.

ఆ స్టేట్‌మెంట్‌తో పాటు లేబర్ కాంట్రాక్టు, ఎమిరేట్స్ ఐడీ, వీసా గడువు, 700కు సంతకం పెట్టిన వోచర్ ఫొటో, హాజరు కాగితాలు, ఓవర్‌టైమ్ తేదీలు కలిపి ఒకచోట పెట్టండి. ఒక కాపీ ఇంటికి వాట్సాప్‌లో పంపండి. పాస్‌పోర్టు కంపెనీ దగ్గర ఉంటే అడిగి తీసుకోండి. కార్మికుల పాస్‌పోర్టు పట్టి ఉంచుకోవడం అక్కడ నిషేధం.

ఇప్పుడు మాట్లాడండి. మేస్త్రీతో కాదు, డబ్బు విడుదల చేసే మేనేజరుతో. పని మధ్యలో, పదిమంది ముందు వద్దు. ఆయనకు కాస్త తీరిక ఉండే సమయం చూసి, మీలాగే జీతం ఆగిన ఇద్దరితో కలిసి వెళ్లండి. ఎవరి లెక్క కాగితం వారి చేతిలో ఉండాలి. ‘మా కష్టం అర్థం చేసుకోండి’ అనే మాటతో మొదలుపెట్టకండి, అది ఆయన రోజూ వినే మాటే. ‘సార్, నా లెక్క 5,600. మీకు బిల్లులు రాలేదని తెలుసు. ఒకేసారి వద్దు, ఇలా ఇవ్వండి’ అని కాగితం చూపండి.

నేనైతే మీకు ఇలా అడగమంటాను: ఏడు రోజుల్లో 2,000, మే జీతంతో పాటు 1,800, జూన్ జీతంతో పాటు 1,800. అన్నీ ఖాతాలోనే. ఇక్కడ చాలామంది బోల్తాపడతారు. కంపెనీ పాత బాకీలో కొంత ఇస్తుంది, ఆ నెల జీతం ఆపేస్తుంది. చేతికి డబ్బు వచ్చినట్టే ఉంటుంది, బాకీ మాత్రం ఎంత ఉందో అంతే ఉంటుంది. అందుకే ‘మే నుంచి ప్రతి నెల జీతం సమయానికి, దానిపైన ఈ వాయిదా’ అని కాగితంలో స్పష్టంగా రాయించండి. వాయిదా తప్పితే మొత్తం ఒకేసారి ఇవ్వాలని కూడా రాయించండి. నగదు ఇస్తామంటే తీసుకోండి, కానీ వోచర్ మీద ‘ఫిబ్రవరి జీతంలో కొంత’ అని మీ చేత్తో రాసి, ఫొటో తీసుకుని సంతకం చేయండి. ఖాళీగా ఉన్న చోట కొట్టివేత గీత గీయండి.

ఆయన సరేనంటే అదే సాయంత్రం వాట్సాప్‌లో గానీ మెయిల్‌లో గానీ నాలుగు వాక్యాలు పంపండి. ఏ నెలల జీతం, ఎంత, ఏ తేదీకి ఎంత ఒప్పుకున్నారు, ఇది సరిగ్గా ఉందో లేదో చెప్పండి. అంతే. ఆయన ‘ఓకే’ అని పెట్టిన ఒక్క మాట రేపు మీకు కాగితంగా పనికొస్తుంది. జవాబు రాకపోయినా మీరు ఎప్పుడు అడిగారో అందులో ఉంటుంది. బెదిరింపు మాటలు, ఆడియో తిట్లు పంపకండి. అవి మీ మీదే వాడతారు.

ఈ రోజుల్లో పని మాత్రం మానకండి. కారణం చెప్పకుండా వరుసగా ఏడు రోజులకు మించి రాకపోతే నోటీసు లేకుండా తీసేసే అవకాశం యజమానికి దొరుకుతుంది, పరారయ్యారని రిపోర్టు కూడా ఇస్తారు. అందరూ కలిసి పని ఆపడం ఇంకా ప్రమాదం. రోజూ సైటుకు వెళ్లి, హాజరు వేయించుకుని, సాయంత్రం మీ లెక్క అడగండి. కంపెనీ బాధ్యత తప్పిందని మీరే వదిలేయాలనుకుంటే, దానికి కూడా దారి ఉంది. కనీసం 14 పని దినాల ముందు మంత్రిత్వ శాఖకు తెలియజేయాలి, అప్పటికీ యజమాని సరిచేయకపోతే నోటీసు లేకుండా వెళ్లవచ్చు, గ్రాట్యుటీ పోదు. చెప్పకుండా గది ఖాళీ చేయడం మాత్రం దారి కాదు.

మీ భయం సంగతి. అసలైన ఫిర్యాదు ఇచ్చినందుకు కార్మికుణ్ణి తీసేస్తే అది అక్రమ తొలగింపు, దానికి మూడు నెలల జీతం వరకు పరిహారం అడగవచ్చు. జీతం ఆలస్యాన్ని పేరు బయటపడకుండా తెలియజేసే ‘మై శాలరీ’ సేవ కూడా మంత్రిత్వ శాఖ దగ్గర ఉంది. మీరు ఒక్కరే అడుగుతున్నారని కంపెనీకి తెలియకూడదనుకుంటే మొదట అది వాడండి. పూర్తి ఫిర్యాదు ఇస్తే ముందు రాజీకి పిలుస్తారు. 50,000 దిర్హామ్‌లు మించని గొడవల్లో మంత్రిత్వ శాఖే నిర్ణయం ఇవ్వగలదు. మీ లెక్క దానికి చాలా లోపలే ఉంది కాబట్టి కోర్టు వరకు వెళ్లవలసిన పని ఎక్కువసార్లు పడదు. వీసా గడువు దగ్గరపడి ఉంటే మాత్రం వాయిదాల బేరం పెట్టుకోకండి. గడువు దాటి ఉండిపోతే రోజుకు 50 దిర్హామ్‌ల జరిమానా పడుతుంది, మీ బాకీని అదే తినేస్తుంది.

నేను చెప్పింది మంత్రిత్వ శాఖ కింద ఉన్న ప్రైవేటు కంపెనీల సంగతి. మీ తోటివాళ్లలో ఇళ్లలో పనిచేసేవాళ్లకు వేరే చట్టం ఉంది, వాళ్లు ఈ లెక్కనే పట్టుకుని వెళ్లకూడదు.

ఏడు రోజుల్లో 2,000 రాకపోతే ఒకే ఒక్క గుర్తు చేసే మెసేజ్ పెట్టి, మరో మూడు రోజులు చూడండి. మళ్లీ ‘వచ్చే వారం’ అంటే ఇంకో గడువు ఇవ్వకండి. కార్మిక ఫిర్యాదుల నంబరు 80084కు ఫోను చేయండి. భాష ఇబ్బంది అయితే దుబాయ్‌లోని ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్‌ఫ్రీ నంబరు 800 46342కు చేసి, మీరు పెట్టుకున్న ఆ ఫైలు దగ్గర ఉంచుకుని మాట్లాడండి.