ఎక్స్‌రే బాగానే ఉందంటే మోకాలు బాగున్నట్టు కాదు

చిన్నా,

కబడ్డీలో మోకాలు మెలితిరిగిందని, ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారని మీ అమ్మ చెప్పింది. అల్ట్రాసౌండ్ చాలా, ఎమ్మారై తీయించాలా అని అడిగావట. ముప్పై ఏళ్లు ఎముకల డాక్టరుగా చేసినవాడిగా చెబుతున్నాను, విను.

ఎక్స్‌రే ముందు తీయించడం సరైన పనే. దెబ్బ తగిలాక నాలుగు అడుగులు వేయలేకపోయినా, మోకాలు తొంభై డిగ్రీలు మడవలేకపోయినా ఎముక విరిగిందేమో చూడాల్సిందే. కానీ అందులో ఎముకలను కలిపి పట్టి ఉంచే లిగమెంటు గానీ, ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ గానీ కనపడవు. కాబట్టి 'ఏమీ లేదు' అంటే ఎముక విరగలేదని మాత్రమే అర్థం.

నన్ను ఆలోచింపజేసింది నువ్వు చెప్పిన రెండు మాటలు. తిరిగినప్పుడు లోపల 'టప్' మందన్నావు, రెండు గంటల్లోనే వాచిందన్నావు. మర్నాటికి మెల్లగా వస్తే అది మామూలు నీరు కావచ్చు. అంత తొందరగా వాచిందంటే కీలులో రక్తం చేరి ఉంటుంది. అలాంటప్పుడు మేం మొదట అనుమానించేది ఏసీఎల్‌ని, అంటే మోకాలి మధ్యలో ఉండే లిగమెంటుని.

దానికి అల్ట్రాసౌండ్ పనికిరాదు. శబ్ద తరంగాలు ఎముకను దాటి లోపలికి పోలేవు. మోకాలిచిప్ప కింది తాడు లాంటి గట్టి కండరబంధం తెగిందా, పక్క లిగమెంటు దెబ్బతిందా, నీరెంత చేరింది లాంటి పైపై సంగతులకు అది మంచిదే. భుజం కండరబంధాలకైతే నేనే ముందు అదే రాసేవాణ్ణి. కానీ ఒక కుర్రాడు అల్ట్రాసౌండ్‌లో 'నీరు మాత్రమే' అని వచ్చిందని రెండు నెలలకు మళ్లీ ఆటకు దిగాడు. కాలు జారినట్టు మోకాలు పట్టుతప్పింది. నా దగ్గరికి వచ్చేసరికి ఏసీఎల్‌తోపాటు మెనిస్కస్ కూడా చిరిగి ఉంది. ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

అలాగని రేపే ఎమ్మారైకి పరిగెత్తకు. ఇప్పుడు నొప్పికి కండరాలు బిగుసుకుని ఉంటాయి, చేత్తో చేసే పరీక్ష సరిగా తెలియదు. ఐస్, క్రేప్ బ్యాండేజీ, ఊతకర్రలతో వారం పది రోజులు ఉండి, వాపు తగ్గాక ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లు. మోకాలి కింది పెద్ద ఎముకను ముందుకు లాగి చూస్తారు. అది వదులుగా జరిగితే ఎమ్మారై తీయించు.

మోకాలు మధ్యలో ఇరుక్కుని చాపలేకపోతే మాత్రం ఆగొద్దు, చిరిగిన మెనిస్కస్ అడ్డుపడి ఉండొచ్చు. పాదం చల్లబడినా, తిమ్మిరెక్కినా అదే గంటలో ఆసుపత్రికి వెళ్లాలి.

స్కాన్‌కు అరగంట పడుతుంది, కదలకూడదు. ఒంట్లో పేస్‌మేకర్ గానీ లోహం గానీ ఉంటే ముందే చెప్పాలి. రిపోర్టు కాగితం ఒక్కటే కాదు, బొమ్మలున్న సీడీ కూడా అడిగి తెచ్చుకో. ఆ బొమ్మలు నేనే చూస్తాను.

మీ పెదనాన్న