ఊరి డాక్టర్ తెలుగులో రాసిన చీటీని ఇంగ్లీషులోకి మార్చడం

"చోడవరం దగ్గర మా ఊరి డాక్టర్ గారు నాన్నకి తెలుగులో చీటీ రాసిచ్చారు. వైజాగ్‌లో చూపించబోయే స్పెషలిస్టుకి తెలుగు రాదు. ఇంగ్లీషులోకి నేనే మార్చి ఇస్తే సరిపోతుందా?"

సరిపోతుంది. కానీ చీటీలో ఉన్న మాటకి మీరు జబ్బు పేరు పెట్టకండి. మా పెద్దమ్మ విషయంలో నేను చేసిన తప్పు అదే.

ఊరి డాక్టర్ గారు రాసింది మూడే ముక్కలు: నెలలో రెండుసార్లు మూర్ఛ వచ్చింది, నాడి 44, బీపీ మాత్ర వాడుతోంది. నేను మూర్ఛని ఎపిలెప్సీ అని రాశాను. నాడి సంగతి చివర్లో పెట్టాను, మాత్ర పేరు అసలు రాయలేదు. దాంతో వైజాగ్‌లో నరాల డాక్టర్ దగ్గరికి పంపారు, ఆయన ఫిట్స్ కోణంలోనే మొదలుపెట్టారు.

మన ఊళ్ళలో స్పృహ తప్పి పడిపోయినా మూర్ఛే, ఫిట్స్ వచ్చినా మూర్ఛే. ఇంగ్లీషులో అవి రెండు వేరు మాటలు, వాటికి చూసే డాక్టర్లూ వేరు. ఆ నరాల డాక్టర్ "పడే ముందు ఏమైంది, లేచాక ఎలా ఉంది?" అని అడిగినప్పుడు పక్కనే ఉన్న మా వదిన చెప్పింది: మంచం మీంచి లేచి నిలబడగానే కళ్ళు చీకట్లు కమ్మాయట, ఒళ్ళంతా చెమట పట్టి ముఖం పాలిపోయిందట, అర నిమిషంలో తేరుకుని అందర్నీ గుర్తుపట్టిందట. ఫిట్స్ అయితే సాధారణంగా కాళ్ళూ చేతులూ బిగుసుకుని కొట్టుకుంటాయి, నాలుక పక్కన కరుచుకోవచ్చు, తర్వాత కాసేపు అయోమయంగా ఉంటారు. స్పృహ తప్పినప్పుడు కూడా ఒకటి రెండు కుదుపులు రావచ్చు కాబట్టి మనం తేల్చకూడదు, చూసినది చూసినట్టు రాయాలి. మూర్ఛ అన్న మాటని ఇంగ్లీషు అక్షరాల్లో అలాగే ఉంచి, పక్కన ఈ వివరం రాయండి.

వదిన మాట విన్నాక ఆయన నాడి పట్టుకుని చూసి ఈసీజీ తీయించారు. మాత్రల షీట్ చూపించమన్నారు. అది అటెనోలాల్ 50 మిల్లీగ్రాములు, గుండె వేగం తగ్గించే మందు. గుండె డాక్టర్ దాన్ని మెల్లగా తగ్గించి మరో బీపీ మందుకి మార్చారు. (అలాంటి మందు ఇంట్లో మనంతట మనం ఒక్కసారిగా ఆపకూడదు.) ఆ తర్వాత పెద్దమ్మ పడిపోలేదు. నాడి బాగా నెమ్మదిగా ఉందని చెప్పే, ఊరి డాక్టర్ గారు రాసిన ఆ 44 అంకెలోనే సగం జవాబు ఉంది, అది పట్టించుకోనిది నేను.

అందుకే మందుల పేర్లు షీట్ మీద ఉన్న స్పెల్లింగ్‌తోనే రాయండి, ఎన్ని మిల్లీగ్రాములో, ఏ పూట వేసుకుంటున్నారో కూడా. "పోయిన అమావాస్యకి" లాంటివి ఉంటే క్యాలెండర్ చూసి తేదీ వేయండి, ఉజ్జాయింపు అయితే ఆ మాటా రాయండి. అక్షరం అర్థం కాకపోతే ఊహించకుండా ఊరి డాక్టర్ గారికి ఫోన్ చేసి అడగండి. అసలు చీటీ కూడా వెంట తీసుకెళ్ళండి, వార్డులో తెలుగు చదివే నర్సో డ్యూటీ డాక్టరో ఉంటే రెండూ పోల్చి చూస్తారు.