కిస్తీ తెలుసు, మిత్తి ఎంతో తెలుసుకోవడం ఎట్ల?

"లోన్ మొత్తం, నెల కిస్తీ, ఎన్ని నెలలో తెలుసు. వడ్డీ రేటు మాత్రం ఎవరూ చెప్పలేదు. ఎట్ల లెక్కగట్టాలి?"

హనుమకొండలో బండి కొన్నప్పుడు నేనూ ఇట్లనే బోల్తా పడ్డాను. 80,000 లోన్, నెలకు 4,200, 24 నెలలు. మొత్తం 1,00,800 కట్టాలి. అంటే వడ్డీ 20,800, ఏడాదికి 10,400. 80,000 మీద అది 13 శాతం. నూటికి రూపాయి చిల్లర మిత్తే కదా అని సంతకం పెట్టేశాను.

12 కిస్తీలు కట్టాక లోన్ మూసేద్దామని పోయాను. సగం అయిపోయింది, 40,000 కడితే సరిపోతుందనుకుంటే అసలే 44,600 దాకా ఉందన్నారు. మోసం చేస్తున్నారేమోనని కాసేపు గొడవపడ్డాను కూడా. తప్పు నా లెక్కలో ఉంది. 80,000 మొత్తం రెండేళ్లూ నా దగ్గరే ఉంటే 13 శాతం నిజమయ్యేది. కానీ ప్రతి కిస్తీలో కొంత అసలు తిరిగి పోతూనే ఉంది. తగ్గుతున్న బాకీ మీద అదే 20,800 వడ్డీ కడుతున్నానంటే, రేటు దాదాపు రెట్టింపు ఉన్నట్టే.

ఈ రేటు నేరుగా రాబట్టే సూత్రం లేదు. ఒక రేటు అనుకుని, దానికి కిస్తీ ఎంత వస్తుందో చూసి సరిచేసుకుంటూ పోవాలి. ఫోన్‌లో ఏ ఈఎంఐ కాలిక్యులేటర్ అయినా చాలు. నా లోన్‌కు 18 శాతం కొడితే కిస్తీ 3,994 వచ్చింది, తక్కువ. 24 కొడితే 4,230, కొంచెం ఎక్కువ. 23కి 4,190. ఇక్కడ ఒక శాతం పెరిగితే కిస్తీ 40 పెరుగుతోంది. నాకు ఇంకో 10 కావాలి, అంటే పావు శాతం. రేటు 23.25 దగ్గర ఉంది.

ఎక్సెల్ గానీ గూగుల్ షీట్స్ గానీ ఉంటే ఈ తంటా లేదు:

```
=RATE(24,-4200,80000)*12
```

జవాబు 0.2326 దగ్గర వస్తుంది, అంటే 23.26 శాతం. కిస్తీ ముందు మైనస్ మర్చిపోతే `#NUM!` అని ఎర్రర్ వస్తుంది. 12తో గుణించకపోతే వచ్చేది నెల రేటు, 0.0194, అంటే 1.94 శాతం. ఈ నెల రేటే మా బాపుకు చెప్పాను. "అంటే నూటికి రెండు రూపాయల మిత్తి పడ్డట్టే గదరా, ఊళ్లె అడిగినా గంతకే ఇస్తుండె" అన్నాడు.

ఇంకొకటి. కాగితం మీద రాసిన లోన్ కాదు, మీ చేతికి వచ్చిన డబ్బు వేయండి. నాకు ఫైల్ చార్జీ కింద 2,000 పట్టుకున్నారు. 80,000 బదులు 78,000 పెడితే రేటు 26 శాతానికి దగ్గరగా పోయింది. 2024 అక్టోబర్ 1 తర్వాత బ్యాంకులో గానీ ఫైనాన్స్ కంపెనీలో గానీ తీసుకున్న లోన్ అయితే, ఆర్‌బీఐ నిబంధన ప్రకారం మీకిచ్చే కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్‌లో ఏపీఆర్ అని ఒక అంకె ఉండాలి. చార్జీలు కూడా కలిపిన రేటు అదే. మీ లెక్క దానికి దగ్గరగా రాకపోతే, ఏ చార్జీ వదిలేశారో చూసుకోండి.