డయాలసిస్ రోజులు, షిఫ్టు చార్టు: కంపెనీకి రాసే ఉత్తరంలో ఏముండాలి

ప్రశ్న: చౌటుప్పల్ దగ్గర ఒక కంపెనీలో ప్యాకింగ్ మిషన్ ఆపరేటర్‌ని. ఏ, బీ, సీ షిఫ్టులు వారం వారం మారుతాయి, ముగ్గురం తిరుగుతాం. అమ్మకు నల్లగొండలో డయాలసిస్ మొదలైంది. మంగళ, గురు, శనివారాలు, మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా. నాన్న తీసుకుపోతాడు గానీ మళ్లీ ఇంటికి తేవడం ఆయనతో కావట్లేదు. షిఫ్టు సర్దమని మేనేజర్‌కు ఎలా రాయాలి? పని ఎగ్గొట్టేవాడిలా కనబడొద్దు. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు:

నాది పాలమూరు. జడ్చర్ల దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో బ్లిస్టర్ మిషన్ మీద పనిచేసేవాణ్ణి. మా నాయినకు డయాలసిస్ మొదలైనప్పుడు నేనూ మీలాగే ముగ్గురిలో ఒకణ్ణి. ఏ షిఫ్టు పొద్దున 6 నుంచి 2, బీ 2 నుంచి రాత్రి 10, సీ రాత్రి 10 నుంచి 6. ఆదివారం ఆఫ్. మొదటి ఉత్తరం చెడగొట్టుకుని, రెండోది సరిగ్గా రాసుకున్నాను కాబట్టి రెండూ చెబుతాను.

మొదటిది మూడే వాక్యాలు. మా నాన్నగారి ఆరోగ్యం బాగాలేదు, షిఫ్టుల విషయంలో వెసులుబాటు కల్పించగలరు, ఎప్పటికీ రుణపడి ఉంటాను అని. మేనేజర్ చదివి, కాగితం పక్కన పెట్టి ఒక్కటే అడిగాడు: "నువ్వు లేని టైంల మిషన్ మీద ఎవరుంటరు?" నా దగ్గర జవాబు లేదు. అప్పుడు ఆయన మీద కోపం వచ్చింది. కానీ ఆ ప్రశ్న సరైనదే. మా దగ్గర ఆ మిషన్ మీద ట్రైనింగ్ రికార్డు ఉన్నవాళ్లం ముగ్గురమే. పక్క లైన్‌లోంచి ఎవరినో తెచ్చి నిలబెడితే ఆడిట్‌లో దొరికిపోతారు. నేను సెలవు పెడితే మిగతా ఇద్దరిలో ఒకరు 16 గంటలు నిలబడాలి, లేదా లైన్ ఆగాలి.

రెండో ఉత్తరానికి ముందు వారం రోజులు లెక్కలు వేశాను. మొదటి లెక్క ఆసుపత్రిది. నాయిన స్లాటు సోమ, బుధ, శుక్రవారాలు, పొద్దున 7 గంటలకు. డయాలసిస్ నాలుగు గంటలు అంటారు గానీ మనిషి అక్కడ ఉండేది ఇంకా ఎక్కువ. ఆరున్నరకు చేరాలి, బరువు చూస్తారు, 7కు మిషన్ పెడతారు, 11కు తీస్తారు. సూదులు తీసినచోట రక్తం ఆగేదాకా అదిమి పట్టాలి, బీపీ చూడాలి. బయటికి వచ్చేసరికి పదకొండున్నర. తీసుకుపోవడం ఎవరైనా చేస్తారు, అసలు మనిషి కావలసింది తిరిగి వచ్చేటప్పుడు. ఒంట్లో నీళ్లు తీసేశాక బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి, ఆటో ఎక్కేటప్పుడు నాయిన రెండుసార్లు నా మీదే ఒరిగిపోయాడు. కాబట్టి నాకు కావలసింది పొద్దున 11 నుంచి 12 దాకా, వారంలో మూడు రోజులు. మీకు కావలసింది సాయంత్రం 4 నుంచి 5. ఉత్తరంలో రాయాల్సింది ఆ గంటే. "అమ్మకు డయాలసిస్" అని వదిలేస్తే చదివేవాళ్లు రోజంతా పోతుందనుకుంటారు.

రెండో లెక్క షిఫ్టులది. మొదట నాకు తోచింది ఎప్పటికీ బీ షిఫ్టే ఇవ్వమని అడగడం. పొద్దునంతా నాయినతో ఉండి, ఒంటిగంటకు కంపెనీ బస్సు ఎక్కితే సరిపోతుంది. ఆ మాట తోటి ఆపరేటర్లకు చెబితే ఒకాయన మెల్లగా అన్నాడు: "అట్లయితే నైట్ అంతా మా ఇద్దరి మీదే పడుతది కదా అన్నా." నిజమే. ముగ్గురం తిరిగితే మూడు వారాలకు ఒక నైట్. నేను బీలో కూర్చుంటే వాళ్లకు వారం విడిచి వారం నైట్. నాయిన పేరు చెప్పి వాళ్ల నిద్ర తీసుకోవడమే అది. వాళ్లు ఒకటి రెండు నెలలు ఓర్చుకునేవాళ్లు, ఆ తర్వాత ఇన్‌చార్జ్ దగ్గరికి పోయేవాళ్లు.

రాత్రి నోటుబుక్కులో గళ్లు గీసి చూస్తే దారి దొరికింది. నా నైట్ వంతు నేను వదలకూడదు, వదులుకోవలసింది పొద్దుటి ఏ షిఫ్టే. రెండు వారాలు బీ, ఒక వారం సీ, మళ్లీ రెండు వారాలు బీ. ఆరు వారాలు వేసి చూశాను. ఇదివరకు ఒక్కొక్కరికి ఏ, బీ, సీ తలా రెండు వారాలు. ఇప్పుడు వాళ్లిద్దరికీ నైట్‌లు రెండే, బీ ఒకటికి తగ్గింది, ఏ మూడుకు పెరిగింది. ఏ షిఫ్టు అంటే సాయంత్రం ఇంట్లో ఉండొచ్చు, అందరికీ ఇష్టం. చార్టు చూపిస్తే ఇద్దరూ అక్కడే సంతకం పెట్టారు.

సీ వారం సంగతి కూడా దాచకుండా చెప్పాలి. ఆదివారం ఆఫ్ కాబట్టి సోమవారం పొద్దున నేను ఫ్రీ. బుధ, శుక్రవారాలే కష్టం. 6కు మిషన్ దిగి, అటునుంచి అటే ఆసుపత్రికి పోయి, ఇంట్లో పడుకునేసరికి పన్నెండున్నర. అందుకే ఆ రెండు రోజుల్లో ఒకటి మా చెల్లె చూసుకునేట్టు ముందే మాట తీసుకున్నా. నిద్ర లేకుండా మిషన్ మీద చెయ్యి పెట్టే పని ఇది, వేళ్లు పోతాయి. మీకు అట్లా ఆదుకునే మనిషి లేకపోతే నైట్ వారం ఒప్పుకోకండి.

అప్పుడు రాసిన ఉత్తరం ఇంచుమించు ఇలా ఉంది. కంపెనీకి ఇంగ్లీషులో ఇచ్చాను, సారం ఇదే:

"సార్, మా నాన్నగారికి సోమ, బుధ, శుక్రవారాల్లో ఉదయం 7 నుంచి 11 వరకు మహబూబ్‌నగర్‌లో డయాలసిస్ జరుగుతోంది. సెంటర్ ఇచ్చిన స్లాటు కాగితం జతచేశాను. 11 నుంచి 12 మధ్య ఆయనను ఇంటికి చేర్చాల్సిన బాధ్యత నాది. అందువల్ల ఉదయం 6 నుంచి 2 వరకు ఉండే ఏ షిఫ్టు చేయలేను. బీ రెండు వారాలు, సీ ఒక వారం చొప్పున చేస్తాను. నా నైట్ వంతు తగ్గదు. మిగతా ఇద్దరు ఆపరేటర్ల సంతకాలతో ఆరు వారాల చార్టు ఇది. లైన్ ఏ ఒక్క షిఫ్టులోనూ ఖాళీగా ఉండదు, పని గంటలు తగ్గవు. స్లాటు మారితే ముందురోజు రాత్రి 8 లోపు ఇన్‌చార్జ్‌కు ఫోన్ చేస్తాను, ఎవరు మారుతున్నారో కూడా నేనే చెబుతాను. ఆడిట్ ఉన్న వారం మీరు చెప్పిన షిఫ్టుకే వస్తాను, ఆ వారం నాన్నగారిని మా చెల్లెలు చూసుకుంటుంది. రెండు నెలలు చూసి, ఇబ్బంది అనిపిస్తే పాత చార్టుకు మార్చండి. గత 11 నెలల్లో నేను పెట్టిన సెలవులు నాలుగు. ఈ పద్ధతిలో అది పెరగదు."

ఇందులో నిబద్ధత అనే మాట ఎక్కడా లేదు. నాలుగు సెలవులు, నైట్ వంతు తగ్గదు, ఆడిట్ వారం వస్తాను, ఈ మూడూ చదివినవాళ్లకు అది తెలిసిపోతుంది. మీ హాజరు లెక్క హెచ్‌ఆర్‌లో అడిగి తీసుకోండి, నోటి లెక్క రాయొద్దు. రిపోర్టులు, క్రియాటినిన్ అంకెలు పెట్టనక్కర్లేదు, స్లాటు కాగితం ఒక్కటి చాలు. డయాలసిస్ సెంటర్‌లో ఏ రోజులు, ఏ టైం అని లెటర్‌హెడ్ మీద రాసి ముద్ర వేయించుకోండి. "ఇవ్వకపోతే మానేస్తా" అన్న భావం ఎక్కడా రానీయకండి. తల్లిదండ్రులను చూసుకోవడానికి ప్రైవేటు కంపెనీ పని వేళలు మార్చి తీరాలని మన చట్టంలో లేదు. ప్రసూతి చట్టానికి 2017లో చేసిన సవరణతో ఇంటి నుంచి పనిచేసే వెసులుబాటు ఒకటి వచ్చింది గానీ, అది కాన్పు సెలవు ముగిసిన తల్లులకు, అదీ ఇంటి నుంచి చేయగలిగే పని అయితే, యజమాని ఒప్పుకుంటే. మనం అడిగేది వాళ్ల ఇష్టం మీదే ఆధారపడి ఉంది.

మేనేజర్ చార్టు ముందు చూశాడు, ఉత్తరం తర్వాత చదివాడు. "సరే, వచ్చే సోమవారం నుంచి" అన్నాడు. నేను ఆ సాయంత్రమే, మీరు చెప్పినట్టు ఫలానా తేదీ నుంచి ఈ చార్టు ప్రకారం వస్తాను అని మెయిల్ పెట్టి, ఆయన నుంచి "ఓకే" తెప్పించుకున్నా. నాలుగో నెలలో ఇన్‌చార్జ్ మారాడు. కొత్తాయన వచ్చీ రాగానే నన్ను ఏ షిఫ్టులో వేశాడు. గొడవ పడకుండా ఆ మెయిల్ చూపించాను, మర్నాడు సరిచేశాడు. నోటిమాట మీద నడిపి ఉంటే మళ్లీ మొదటికి వచ్చేది.

అంతకుముందే, ఐదో వారంలో ఒక దెబ్బ తగిలింది. సెంటర్‌లో ఆర్‌వో ప్లాంటు చెడిపోయింది. ఆ నీళ్లు లేకుండా డయాలసిస్ నడవదు, అందరి స్లాట్లూ వెనక్కి జరిగి నాయినది మధ్యాహ్నానికి పడింది. ముందురోజు రాత్రి 7కే తెలిసింది కాబట్టి ఆ వారం ఏ షిఫ్టులో ఉన్నాయనతో మార్చుకున్నాను. ఆ రోజు నుంచి నోటుబుక్కులో ఒక పేజీ పెట్టాను, ఎవరు నా కోసం ఎన్నిసార్లు మారారు, నేను ఎన్నిసార్లు తీర్చాను అని. ఒకాయనకు మూడు బాకీ పడ్డాను. ఆయన ఏమీ అనలేదు గానీ, షిఫ్టు అప్పగించేటప్పుడు మాట తగ్గించాడు. అక్కడే అర్థమైంది. దసరాకు ఆయన ఊరికి పోతానంటే నేనే నిలబడి బాకీ తీర్చాను.

ఇక మీ లెక్క. మధ్యాహ్నం స్లాటుకు మీకు పనికిరానిది బీ షిఫ్టు. ఏ షిఫ్టు అయితే 2కు దిగి నార్కట్‌పల్లి మీదుగా గంటన్నరలో నల్లగొండ చేరతారు, 4కు అమ్మ దగ్గర ఉంటారు. అయితే బస్సు ఒక్కటి తప్పినా ఆలస్యమే, ఆ అరగంట నాన్నను అక్కడే ఉండమనండి. సీ అయితే పొద్దున వచ్చి 3 దాకా పడుకోవచ్చు. ఎప్పటికీ ఏ షిఫ్టు కావాలని మాత్రం అడగొద్దు, అందరూ కోరుకునేది అదే. ఏ ఒక వారం, సీ ఒక వారం అని వేసి చూడండి. 12 వారాలకు మీ తోటివాళ్లకు ఒక్కొక్కరికి నైట్‌లు నాలుగు నుంచి మూడుకు తగ్గుతాయి, ఏ కూడా నాలుగు నుంచి మూడు అవుతుంది, బీ నాలుగు నుంచి ఆరుకు పెరుగుతుంది. నైట్‌లు మీకు ఆరు పడతాయి, తట్టుకోగలరో లేదో ముందు మీరే చూసుకోండి. ఈ అంకెలు వాళ్లిద్దరికీ చూపించి, నైట్ తగ్గడం ఇష్టమా, ఏ షిఫ్టు తగ్గడం బాధా అని అడగండి. వాళ్లు ఒప్పుకుని సంతకం పెట్టాకే మేనేజర్ దగ్గరికి వెళ్లండి.